వీలునామా కింద రెండో సంతకం

ఉద్దానంలో కొబ్బరితోట ఉన్న ఇంట్లో పెద్దాయన పోయాక ట్రంకు పెట్టె తెరిస్తే, పాస్‌బుక్కులూ పన్ను రశీదుల మధ్య ఒక్కోసారి చేత్తో రాసిన వీలునామా బయటపడుతుంది. చూడగానే అందరూ అడిగేది ఒకటే మాట: "ఇది నాన్న రాతేనా?" రాత నాన్నదే, సంతకమూ నాన్నదే అని తేలితే ఇక తిరుగులేదనుకుంటారు. ఈ నమ్మకం ఊరికే పుట్టింది కాదు. మన ప్రాంతంలో నిజంగానే ఒకప్పుడు అంతకంటే ఎక్కువ ఏమీ అక్కర్లేదు. ఆ కాలం పోయి వందేళ్ళు కావస్తున్నా నమ్మకం మాత్రం పోలేదు.

అసలు వీలునామా అనే మాటే సగం ఇంగ్లీషు 'విల్లు', సగం పారశీక 'నామా'. హిందూ ధర్మశాస్త్రంలోని మితాక్షర పద్ధతిలో ఉమ్మడి కుటుంబంలో మగవాడు పోతే అతని వాటా మిగిలిన వాళ్ళదైపోయేది. తన తర్వాత ఫలానా వాళ్ళకి చెందాలని కాగితం మీద చెప్పుకునే వీలే లేదు. స్వార్జితం విషయంలోనే కొంత స్వేచ్ఛ. కంపెనీ పాలనలో ఇంగ్లీషు అలవాటు చూసి జమీందార్లూ వర్తకులూ ఇలాంటి కాగితాలు రాయడం మొదలుపెట్టారు. 1829లో మద్రాసు ప్రభుత్వం చేసిన అయిదో రెగ్యులేషన్, హిందువు రాసిన వీలునామాకి హిందూ ధర్మం ఒప్పుకున్నంత మేరకే బలం ఉంటుందని తేల్చింది. ఎలా రాయాలి, ఎవరు సంతకం పెట్టాలి అన్నది పట్టించుకోలేదు.

ఇద్దరు సాక్షుల నియమం ఇంగ్లండులో 1837లో చేసిన చట్టం నుంచి వచ్చింది. 1865 నాటి భారత వారసత్వ చట్టం దాన్ని ఇక్కడికి తెచ్చింది గానీ హిందువులని వదిలేసింది. తర్వాత 1870 హిందూ వీలునామాల చట్టం వచ్చింది. అది ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి బెంగాల్ వైపు ప్రాంతాలకీ, మద్రాసు, బొంబాయి నగరాలకీ మాత్రమే వర్తించింది. అంటే మద్రాసు జార్జిటౌనులో ఉన్న కోమటి వ్యాపారి వీలునామా రాస్తే ఇద్దరు సాక్షులు ఉండి తీరాలి. అదే వ్యాపారి చుట్టం శ్రీకాకుళంలో, అప్పట్లో గంజాం జిల్లాలోని చికాకోల్‌లో, సాక్షి సంతకం ఒక్కటీ లేకుండా రాసినా చెల్లేది. అసలు రాయకుండా నోటితో చెప్పి కన్ను మూసినా, ఆ మాట చెప్పాడని నమ్మకంగా రుజువైతే కోర్టు ఒప్పుకునేది. విజయనగరంలోనూ అంతే. ఈ తేడాకి కారణం ధర్మశాస్త్రం కాదు, మ్యాపు మీద గీసిన గీత.

ఆ గీత చెరిగిపోయింది 1927 జనవరి 1న. 1925 భారత వారసత్వ చట్టంలోని 57వ సెక్షన్ ప్రకారం ఆ రోజు నుంచి దేశంలో ఏ హిందువు ఎక్కడ రాసిన వీలునామా అయినా 63వ సెక్షన్‌కి కట్టుబడాలి. ముస్లింలకి మాత్రం ఈ సెక్షన్ వర్తించదు, వాళ్ళ వసీయత్ నియమాలు వేరు. హిందువుల్లో ఉమ్మడి ఆస్తిలో తన వాటాని కూడా వీలునామాతో ఇచ్చే హక్కు 1956 హిందూ వారసత్వ చట్టంతో వచ్చింది. దాంతో పల్లెల్లో వీలునామాల అవసరం పెరిగింది. రాసే పద్ధతి మాత్రం చాలా ఇళ్ళలో తాతల నాటిదే.

63వ సెక్షన్ అడిగేది నిజానికి కొంచెమే. రాసినాయన సంతకం చేయాలి, లేదా వేలిముద్ర వేయాలి. చెయ్యి ఆడకపోతే ఆయన ఎదుటే, ఆయన చెప్పగా వేరొకరు ఆయన తరఫున సంతకం చేయొచ్చు. కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలి. ఆ ఇద్దరిలో ప్రతి ఒక్కరూ ఆయన సంతకం చేస్తుంటే కళ్ళారా చూసి ఉండాలి, లేదంటే "ఇది నా సంతకమే" అని ఆయన నోటి వెంట విని ఉండాలి. ఆ తర్వాత ప్రతి సాక్షీ ఆయన కళ్ళ ముందే సంతకం చేయాలి. సాక్షులిద్దరూ ఒకేసారి అక్కడ ఉండాలని చట్టం పట్టుబట్టదు. ఇంగ్లండు నియమం కన్నా మనది ఇక్కడే సడలింది. కాగితం తెల్లదైనా ఫరవాలేదు, స్టాంపు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు.

వీలునామా మొత్తం సొంత దస్తూరీతో రాస్తే సాక్షులు అక్కర్లేని దేశాలు ఉన్నాయి. మనది అలాంటిది కాదు. 1963లో శశికుమార్ బెనర్జీ కేసులో సుప్రీంకోర్టు, పూర్తిగా స్వహస్తంతో రాసిన వీలునామా మీద అనుమానం తక్కువగా ఉంటుందని చెప్పింది. అంటే రాత వల్ల కలిసొచ్చేది అనుమానం తగ్గడమే, సాక్షుల లోటు దానితో తీరదు.

ఎక్కడ దెబ్బ తింటారో చూడటానికి ఒక ఉదాహరణ కల్పించుకుందాం. కవిటి దగ్గర రిటైరైన బడిపంతులు ఒకాయన ఉన్నాడనుకోండి. ఎకరం నలభై సెంట్ల కొబ్బరితోట, పెంకుటిల్లు, రెండూ స్వార్జితమే. భార్య పోయింది. కొడుకులిద్దరూ హైదరాబాద్‌లో. చూసుకునేది కూతురే. మాస్టారు ఒక మధ్యాహ్నం ఠావు కాగితాలు రెండు తీసుకుని గుండ్రటి అక్షరాలతో, ఇల్లు కూతురికి, తోట కొడుకులిద్దరికీ చెరిసగం అని రాశారు. చివర సంతకం, తేదీ. పక్కింటాయన అరుగు మీదే ఉన్నాడు, పిలిచి ఆయన చూస్తుండగా సంతకం చేసి, ఆయన చేత కింద సంతకం పెట్టించారు. అంతవరకూ అంతా సవ్యమే.

రెండో సాక్షిగా అనుకున్న స్నేహితుడికి బజారులో ఎరువుల కొట్టు ఉంది. సీజను, మనిషి కదల్లేడు. మాస్టారికి మోకాళ్ళ నొప్పి. "ఒలే అమ్మా, ఈ కాగితం తీసుకెళ్ళి మావయ్య చేత సంతకం పెట్టించుకు రా" అని కూతుర్ని పంపారు. కొట్టాయన స్నేహితుడి రాత గుర్తుపట్టి, గల్లాపెట్టె మీద కాగితం పెట్టి సంతకం చేసి ఇచ్చేశాడు. ఆయన మోసగాడు కాదు, సంతకమూ దొంగది కాదు. కానీ మాస్టారు సంతకం చేస్తుంటే ఆయన చూడలేదు, "ఇది నాదే" అని మాస్టారి నోట వినలేదు, తాను మాస్టారి ఎదుట సంతకం పెట్టలేదు. కాబట్టి చట్టం దృష్టిలో ఆ కాగితం మీద ఉన్నది ఒక్క సాక్షే.

అదే కొట్టాయన ఆ రాత్రి కొట్టు కట్టేసి ఇంటికొచ్చి, మాస్టారు "ఇదిగో, నేనే సంతకం చేశాను" అని చూపిస్తే, ఆయన ముందే కూర్చుని సంతకం పెట్టి ఉంటే సరిపోయేది. పక్కింటాయన అప్పుడు అక్కడ లేకపోయినా నష్టం లేదు.

ఎనిమిదేళ్ళ తర్వాత మాస్టారు పోయారు, ఆ తర్వాత కొట్టాయనా పోయారు. పెద్దకొడుకు పార్టిషన్ దావా వేశాడు. వీలునామా నిజమని రుజువు చేసే బరువు దాని మీద ఆధారపడిన కూతురిది. సాక్షుల్లో బతికున్న వాళ్ళు ఒక్కరైనా ఉంటే వాళ్ళని బోనెక్కించకుండా వీలునామా రుజువు కాదు. పాత సాక్ష్య చట్టంలో 68వ సెక్షన్‌గా ఉన్న ఈ నియమం, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 67వ సెక్షన్ అయింది. పక్కింటాయన వచ్చి, మాస్టారు సంతకం చేయడం చూశానని, తానూ చేశానని నిజమే చెప్పాడు. క్రాస్‌లో అవతలి వకీలు అడిగింది ఒక్క ప్రశ్న: "రెండో సాక్షి ఎప్పుడు, ఎక్కడ సంతకం చేశారు?" "నాకు తెలీదండి."

కేసు అక్కడే కూలిపోతుంది. ఒక్క సాక్షినే పిలిస్తే, ఆ ఒక్కరి మాటతోనే రెండో సాక్షి సంతకం కూడా సరిగ్గా జరిగిందని తేలాలని సుప్రీంకోర్టు జానకీ నారాయణ్ భోయిర్ కేసులో స్పష్టంగా చెప్పింది. వీలునామా వీగిపోతే మాస్టారు ఏమీ రాయకుండా పోయినట్టే లెక్క. తోట, ఇల్లు రెండూ ముగ్గురు పిల్లలకీ సమానంగా మూడో వంతు. ఇల్లంతా కూతురిదనుకున్న మాస్టారి మాట కాగితం మీదే మిగిలిపోతుంది.

మన పక్క ఇంకో పొరపాటు రాసిపెట్టిన మనిషి విషయంలో జరుగుతుంది. ముసలమ్మ నిశానీ వేసిన కాగితం కింద ఒక సాక్షి, ఆ కింద "దస్తూరి: ఫలానా" అని ఉంటుంది. రాసిన వాడూ అక్కడే ఉన్నాడు కదా, ఇద్దరయ్యారు అనుకుంటారు. దస్తూరి వేసినవాడు తాను రాశానని చెప్పుకుంటూ వేసిన సంతకం అది. సాక్షిగా ఉండాలనే ఉద్దేశంతో చేసినట్టు తేలితే తప్ప అతన్ని సాక్షి కింద లెక్కించరు. దస్తావేజు లేఖరులకి ఇది బాగా తెలుసు. తెలియనిది, మొహమాటానికి రాసిపెట్టే చుట్టాలకే.

ఇక స్వస్థచిత్తం సంగతి. "నా పూర్తి తెలివితో, ఎవరి బలవంతం లేకుండా" అని మొదటి వరుసలో రాసుకోవడం ఆనవాయితీ. ఆ వరుస వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు, ఎందుకంటే మతి తప్పిన మనిషి చేత కూడా దాన్ని రాయించవచ్చు. 1925 వారసత్వ చట్టమే 59వ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణలు బాగుంటాయి. చుట్టూ ఏం జరుగుతోందో తెలుస్తూ, అలవాటైన ప్రశ్నలకి జవాబు చెప్పగలిగినా, తన ఆస్తి ఏమిటో, తన వాళ్ళెవరో, ఎవరికి ఇస్తే మేలో తెలియని మనిషి వీలునామా రాయలేడు. బాగా నీరసించి మంచం పట్టినా, ఎవరికి ఏమివ్వాలో ఆలోచించుకోగలిగితే రాయగలడు. కాబట్టి "టిఫిన్ తిన్నారా" అంటే తిన్నానన్నాడని చెప్పే సాక్షి కంటే, "తోట సంగతేంటండీ అంటే, చిన్నోడికి అప్పులున్నాయి, వాడి వాటా విడిగా రాస్తానన్నారు" అని చెప్పగలిగే సాక్షి ఎక్కువ పనికొస్తాడు. డాక్టరు సర్టిఫికెట్ తప్పనిసరి కాదు. డాక్టరే సాక్షిగా సంతకం చేస్తే బలం ఉంటుంది, కాకపోతే పిలిచినప్పుడు కోర్టుకి రావాలి.

వేంకటాచల అయ్యంగార్ కేసులో 1958లో సుప్రీంకోర్టు చెప్పిన 'అనుమానాస్పద పరిస్థితులు' అన్న మాట ఇక్కడే పుట్టుకొస్తుంది. సంతకం వణికినా, పిల్లల్లో ఒకరికి కారణం చెప్పకుండా ఏమీ ఇవ్వకపోయినా, లాభం పొందే మనిషే దగ్గరుండి అంతా నడిపినా, ఆ అనుమానం తీర్చే పని వీలునామా తెచ్చినవాళ్ళదే. లాభం పొందేవాళ్ళు సాక్షిగా సంతకం చేస్తే క్రైస్తవుల విషయంలో అదే వారసత్వ చట్టం 67వ సెక్షన్ కింద వాళ్ళకిచ్చిన భాగం పోతుంది. హిందువులకి ఆ సెక్షన్ వర్తించదు. అయినా సొంత అల్లుణ్ణి సాక్షిగా పెట్టుకోవడం అనుమానాన్ని ఇంటికి పిలవడమే.

పాతబడితే వీలునామా దానంతటదే రుజువైపోతుందని కూడా కొందరంటారు. ముప్పై ఏళ్ళు దాటిన దస్తావేజుల మీద కోర్టు పెట్టుకునే నమ్మకం వీలునామాకి వర్తించదని సుప్రీంకోర్టు చెప్పింది. సాక్షులిద్దరూ పోయినా వాళ్ళలో కనీసం ఒకరి దస్తూరీని, రాసినాయన సంతకాన్ని గుర్తుపట్టేవాళ్ళని తెచ్చి రుజువు చేయాల్సిందే. అందుకే డబ్బై ఏళ్ళాయన తన ఈడు స్నేహితుల్ని కాకుండా, ఊళ్ళోనే ఉండే నలభై ఏళ్ళవాళ్ళని సాక్షులుగా పిలవడం మంచిది.

రాసేశాక మధ్యలో ఒక పేరు కొట్టేసి పైన ఇంకోటి రాస్తే ఆ మార్పు చెల్లదు. పక్కన మార్జిన్‌లో రాసినాయనా సాక్షులూ మళ్ళీ సంతకాలు చేస్తే చెల్లుతుంది. ఆ తంటా కంటే పాతది రద్దు చేస్తున్నానని చెప్పి కొత్తది రాయడమే నయం. కాగితాన్ని ఊరంతా తిప్పకుండా ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి, చివర సాక్షుల సంతకాలకి పైన ఈ ఒక్క వాక్యం రాయిస్తే సరి: "వీలునామా రాసిన వారు మా ఇద్దరి ఎదుట సంతకం చేయగా చూసి, వారి ఎదుటే మేము సాక్షులుగా సంతకం చేశాము." ఈ వాక్యం ఉండాలని చట్టంలో ఎక్కడా లేదు. పదేళ్ళ తర్వాత బోనులో నిలబడ్డ పక్కింటాయనకి ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో గుర్తుచేయడానికి మాత్రం పనికొస్తుంది.