స్టాంపు పేపర్ విడాకులు, రెండో పెళ్లి, పిల్లల వాటా

పలమనేరు, చంద్రగిరి, శ్రీకాళహస్తి ప్రాంతాల పల్లెల్లో ఇప్పటికీ విడాకులంటే చాలామందికి కోర్టు గుర్తుకు రాదు. ఇరువైపుల పెద్దమనుషులు కూర్చుంటారు. స్టాంపు పేపర్ తెప్పిస్తారు. ‘మాకిద్దరికీ పొసగనందున నేటి నుంచి ఒకరి జోలికి ఒకరు రాము, ఎవరి ఇష్టం వచ్చినట్లు వారు పెళ్లి చేసుకోవచ్చు’ అని రాయిస్తారు. ఆడపిల్లకు పెట్టిన నగలు, ఇచ్చిన డబ్బు ఎంత వెనక్కి వస్తుందో కింద రాస్తారు. సంతకాలు, వేలిముద్రలు, ఇద్దరు సాక్షులు, కొన్నిసార్లు నోటరీ ముద్ర కూడా. తెగతెంపులు అయిపోయాయని అందరూ లేస్తారు. ఏడాదికో రెండేళ్లకో అతను మళ్లీ పెళ్లి చేసుకుంటాడు. అసలు గొడవ అతను పోయాక, పొలం పంపకం దగ్గరో పెన్షన్ కాగితాల దగ్గరో మొదలవుతుంది.

ఈ కాగితాన్ని జనం ఇంతగా నమ్మడానికి కారణం ఉంది. ఒకప్పుడు హిందూ పురుషుడు ఎన్ని పెళ్లిళ్లు చేసుకున్నా చట్టం అడ్డు చెప్పలేదు. విడాకులు మాత్రం కులాచారం ఉన్నచోటే ఉండేవి. రాయలసీమలో చాలా కులాలకు విడిచిపెట్టుకోవడం, మారుమనువు కొత్తవి కావు. చిత్తూరు జిల్లా అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో భాగం. మద్రాసు ప్రభుత్వం 1949లోనే హిందువుల్లో రెండో పెళ్లిని నిషేధించి, విడాకులకు దారి తెరిచింది. అంటే ఇక్కడివాళ్లకు ఒక్క భార్య అనే నియమం దేశంలో చాలా ప్రాంతాలకంటే ముందే వచ్చింది. 1955 మే 18న హిందూ వివాహ చట్టం జమ్మూ కశ్మీర్ మినహా దేశమంతటికీ అమల్లోకి వచ్చింది. మొదటి భార్య లేదా భర్త బతికుండి, విడాకులు కాకుండా చేసుకున్న పెళ్లి మొదటి రోజు నుంచే చెల్లదని అది తేల్చింది. తిరుమల కొండ మీద తాళి కట్టినా, సబ్ రిజిస్ట్రార్ దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకున్నా అందులో మార్పు రాదు.

అయితే అదే చట్టంలోని 29వ సెక్షన్ ఆచార విడాకులను అలాగే ఉంచింది. స్టాంపు పేపర్ రాసుకున్నవాళ్లంతా తర్వాత కోర్టులో పట్టుకునేది దీన్నే. కానీ ‘మా కులంలో ఇది ఉంది’ అన్న ఒక్క మాట సరిపోదని, ఆ ఆచారం ఉందని ప్రత్యేకంగా చెప్పి, సాక్ష్యంతో రుజువు చేయాలని సుప్రీంకోర్టు 2002లో యమనాజీ జాదవ్ కేసులో స్పష్టం చేసింది. ఆ కులంలో తరతరాలుగా ఇలా విడిపోయినవాళ్లు ఎవరు, వాళ్ల రెండో పెళ్లిళ్లను కులం ఒప్పుకుందా అని అడుగుతారు. పంచాయితీ పెద్ద ఒకాయన వచ్చి చెప్పే మాట దగ్గరే చాలా కేసులు కూలిపోతాయి. కాగితం మీద నోటరీ ముద్ర ఉంటే, ఆ సంతకాలు వాళ్లవేనని తెలుస్తుందంతే. యానాదులు, ఎరుకలు వంటి షెడ్యూల్డ్ తెగల సంగతి వేరు. వారికి ఈ చట్టం నేరుగా వర్తించదు, వారి ఆచారమే చూస్తారు.

జైలు సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. పాత ఐపీసీ 494, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఇలాంటి రెండో పెళ్లికి ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. మొదటి పెళ్లి దాచిపెట్టి చేసుకుంటే పదేళ్ల వరకు. కలిసి కాపురం చేస్తున్నారని చూపిస్తే చాలదు, రెండో పెళ్లి శాస్త్రోక్తంగా జరిగిందని రుజువు కావాలని 1965 నుంచీ కోర్టులు అంటున్నాయి. అందుకే శిక్ష పడే కేసులు తక్కువ. మొదటి భార్యే కాదు, మోసపోయిన రెండో భార్య కూడా ఫిర్యాదు చేయవచ్చని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. అది ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసే.

పిల్లల విషయంలో మాత్రం చట్టం ఆగి ఆగి నడిచింది. 1955 చట్టం ప్రకారం, ఆ పెళ్లి చెల్లదని కోర్టు డిక్రీ ఇస్తేనే పుట్టిన పిల్లలు సక్రమ సంతానం అయ్యేవారు. వినడానికే విచిత్రంగా ఉంటుంది: ఎవరూ కోర్టుకు వెళ్లకపోతే బిడ్డకు హక్కు లేదు. పైగా ఆ డిక్రీ అడగాల్సింది ఆ దంపతులే. తండ్రి పోయాక ఆ దారీ మూసుకుపోయేది. 1976 సవరణ ఈ మెలికను తీసేసింది. డిక్రీ ఉన్నా లేకున్నా పిల్లలు సక్రమ సంతానమే, కానీ హక్కు తల్లిదండ్రుల ఆస్తిలోనే, మిగతా బంధువుల ఆస్తిలో ఉండదని 16వ సెక్షన్‌లో రాశారు. తల్లిదండ్రుల ఆస్తి అంటే ఏది? పిత్రార్జితంలో తండ్రి వంతు అందులోకి వస్తుందా? 2003లో జినియా కియోటిన్ కేసులో సుప్రీంకోర్టు రాదంది. 2011లో మరో బెంచి దాన్ని ప్రశ్నించింది. చివరకు 2023 సెప్టెంబరు 1న రేవణసిద్దప్ప కేసులో ముగ్గురు జడ్జీల బెంచి వస్తుందని తేల్చింది.

ఒక ఊహా కేసు తీసుకుంటే లెక్క తెలుస్తుంది. పలమనేరు దగ్గర ఒక రైతు. తాతల నాటి పొలం ఆరెకరాలు. మొదటి భార్యకు ఒక కూతురు. స్టాంపు పేపర్ రాసుకుని చేసుకున్న రెండో భార్యకు ఒక కొడుకు. తండ్రీతల్లీ లేరు, వీలునామా రాయకుండా అతను ఈ మధ్యే పోయాడు. అతను చనిపోవడానికి ముందు క్షణంలో పొలం పంచినట్టు ముందుగా ఊహిస్తారు. పుట్టుకతో హక్కున్నది అతనికీ, మొదటి భార్య కూతురికీ. చెరి మూడెకరాలు. రెండో భార్య కొడుకు ఈ మొదటి పంపకంలో లేడు, పుట్టుకతో వచ్చే హక్కు అతనికి రాదు. ఇక తండ్రి వంతుకు వచ్చిన మూడెకరాలను వారసులు పంచుకుంటారు: మొదటి భార్యకు ఎకరం, కూతురికి ఎకరం, రెండో భార్య కొడుక్కి ఎకరం. మొత్తం మీద కూతురికి నాలుగు, కొడుక్కి ఒకటి. రెండో భార్యకు సెంటు కూడా రాదు. అతను సొంత సంపాదనతో తిరుపతిలో ఇంటి స్థలం కొని ఉంటే అది మూడు సమాన వాటాలు అవుతుంది, అందులోనూ ఆమె లేదు. తన వంతు, తన స్వార్జితం ఆమెకు వీలునామా రాసి ఉంటే కథ వేరు.

ఉద్యోగి అయితే ఇదే తీరు పెన్షన్‌లో కనిపిస్తుంది. 2000లో రామేశ్వరీ దేవి కేసులో రెండో భార్యకు ఫ్యామిలీ పెన్షన్ లేదని, ఆమె పిల్లలకు మైనారిటీ తీరేదాకా వాటా ఉందని సుప్రీంకోర్టు చెప్పింది. సర్వీసు రిజిస్టర్‌లో ఆమె పేరు రాయించినంత మాత్రాన ఆమె చట్టప్రకారం భార్య కాదు.

భరణం దగ్గర మాత్రం ఆమెకు తలుపు కొంత తెరుచుకుంది. మోసపోయిన రెండో భార్యకు భరణం ఇవ్వాలని 2013లో బాద్‌షా కేసులో అన్నారు. 2025 జనవరిలో తెలంగాణ నుంచి వెళ్లిన కేసు ఇంకా ఆసక్తికరం. అక్కడ కోర్టు విడాకులు లేకుండా, ఒప్పంద పత్రంతో మొదటి భర్త నుంచి విడిపోయింది మహిళే. ఆ సంగతి తెలిసే ఆమెను పెళ్లి చేసుకున్న రెండో భర్త, తర్వాత అదే సాకుతో భరణం ఎగ్గొట్టబోయాడు. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఆ తర్వాతి నెలలోనే, చెల్లని పెళ్లిలోనూ శాశ్వత భరణం అడగవచ్చని ముగ్గురు జడ్జీల బెంచి చెప్పింది. అయినా భరణం వేరు, వారసత్వం వేరు. నాకైతే ఇది సగం న్యాయంలాగే అనిపిస్తుంది. తెలియక మోసపోయిన మనిషికి, అన్నీ తెలిసి చేసుకున్న మనిషికి ఆస్తిలో ఒకటే సున్నా.

కాపురం ఇప్పటికే నడుస్తున్నవాళ్లు చాలామంది తర్వాత కోర్టు విడాకులు తెచ్చుకుని, ఇక సరిపోయింది అనుకుంటారు. సరిపోదు. చెల్లని పాత పెళ్లి ఆ డిక్రీతో చెల్లదు, డిక్రీ వచ్చాక మళ్లీ పెళ్లి చేసుకోవాలి. దానికీ అప్పీలు గడువు 90 రోజులు ఆగాలి. అలాగే సంబంధం చూసేటప్పుడు ‘విడాకులైపోయాయి’ అంటే అడగాల్సింది డిక్రీ సర్టిఫైడ్ కాపీ. అది చేతికి వచ్చాక అందులో ‘ఎక్స్‌పార్టీ’ అని, అంటే అవతలివాళ్లు కోర్టుకు రాకుండానే ఇచ్చిందని, ఉందేమో చూడాలి. మొదటి భార్యకు నోటీసు అందకుండా, తప్పు అడ్రస్ ఇచ్చి తెచ్చుకున్న డిక్రీని ఆమె వచ్చి రద్దు చేయించుకోగలదు. అలా రద్దయితే రెండో పెళ్లి చెల్లుతుందా అన్న ప్రశ్న మళ్లీ లేస్తుంది.