పొలం మట్టిలో వాగుకు చేరేదెంత? అపోహలు - వాస్తవాలు

బెంగళూరు శివార్లలో, హోసకోట వైపు చెరువుల పూడిక లెక్కలు కట్టే పని నాది. అక్కడి రైతుల్లో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది. మా రిపోర్టుల్లోనూ, వాళ్ల మాటల్లోనూ తరచూ ఎదురయ్యే అపోహలివి.

అపోహ: మట్టి కోత లెక్కలో వచ్చిన టన్నులన్నీ వాగులో పడతాయి.

పడవు. మట్టి కోతను లెక్కగట్టే యూఎస్ఎల్ఈ సూత్రం వాలు మీద కదిలిన మట్టినే చెబుతుంది, అదీ చాలా ఏళ్ల సగటుగా. వాలు తగ్గి మట్టి పేరుకోవడం మొదలైన చోట ఆ లెక్క ఆగిపోతుంది. అక్కడి నుంచి వాగు దాకా ఎంత చేరిందో చెప్పేది డెలివరీ రేషియో. ఈ సగటు లెక్కలను నిన్నటి ఒక్క వానకు వాడకూడదు.

అపోహ: విస్తీర్ణం తెలిస్తే రేషియో వచ్చేసినట్టే.

అందరూ వాడే వానోని సూత్రం (1975) ఇది. SDR అంటే డెలివరీ రేషియో, A అంటే చదరపు కిలోమీటర్లలో విస్తీర్ణం:

```
SDR = 0.4724 × A^(-0.125)
```

చదరపు మైళ్లయితే గుణకం 0.42. ఈ రెంటినీ కలగలిపేసిన రిపోర్టులు నేను చూశాను.

2 హెక్టార్ల రాగి చేను తీసుకుందాం. హెక్టారుకు 10 టన్నుల మట్టి కోత అంటే మొత్తం 20 టన్నులు. A = 0.02 వేస్తే రేషియో 0.77, అంటే వాగుకు 15 టన్నులకు పైనే. కానీ ఈ సూత్రం పరీవాహక ప్రాంతాల కోసం పుట్టింది. చేనుకూ వాగుకూ మధ్య ఏముందో దానికి తెలియదు.

ఈ చేను కింద గట్టు, ఆ తర్వాత వంద మీటర్ల గడ్డి బీడు ఉన్నాయనుకోండి. కదిలిన మట్టిలో ఇసుక 12 టన్నులు, సన్నమట్టి 8 టన్నులు. ఇసుకలో పదో వంతు, సన్నమట్టిలో సగం దాటాయనుకుంటే చేరేది 5.2 టన్నులే. రేషియో 0.26. అదే గట్టు తెగి నీళ్లు నేరుగా రోడ్డు పక్క కాలువలో పడుతుంటే, 0.77 కూడా తక్కువే కావచ్చు. అందుకే మొదటి పెద్ద వాన తర్వాత పొలం కింది అంచు వెంట నడవాలి. విసనకర్రలా పరుచుకున్న ఇసుక కనిపిస్తే మట్టి ఆగుతోందని అర్థం. గండి కనిపిస్తే లెక్క మార్చాలి.

ఆ వంతులు నా అంచనాలే. బంకమట్టి విడి రేణువులుగానే కాక ముద్దలుగానూ కదులుతుంది, అలాంటప్పుడు అనుకున్నదానికన్నా ముందే ఆగుతుంది. అయినా చేరిన మట్టిలో బంక పాలే ఎక్కువ, భాస్వరం దానికే అంటుకుని వెళ్తుంది. కాబట్టి మట్టి నాలుగో వంతే చేరినా భాస్వరం అంతకన్నా ఎక్కువ వంతే చేరుతుంది.

అపోహ: గట్టుంటే, యూఎస్ఎల్ఈలో గట్ల లాంటి రక్షణలను లెక్కలోకి తెచ్చే P విలువా తగ్గించాలి, రేషియో కూడా తగ్గించాలి.

గట్టు వెనక ఆగిన మట్టిని P విలువలో ఇప్పటికే తీసేసి ఉంటే, రేషియోలో మళ్లీ తీయకూడదు. తీస్తే అదే మట్టిని రెండుసార్లు ఆపినట్టు అవుతుంది. చెరువు పూడిక అంచనా కాగితం మీద తక్కువగా వచ్చి, నిజంలో ముందే నిండే కేసుల్లో నేను మొదట వెతికేది ఈ తప్పునే. రెండోది వాగు ఒడ్ల కోత, ఎందుకంటే అది యూఎస్ఎల్ఈ లెక్కలో అసలు ఉండదు.