విదేశీ ఉద్యోగం, జాతకం: అపోహలు – వాస్తవాలు

2025 అక్టోబరులో ఒక ఎలక్ట్రికల్ ఇంజనీరు చిక్కడపల్లిలోని మా గదికి రెండు జాతక చక్రాలు పట్టుకుని వచ్చారు. వయసు 34 ఏళ్లు. అసలు పేరు చెప్పడం మర్యాద కాదు కనుక శ్రీధర్ అందాం. ఖతార్‌లో రెండేళ్ల ఒప్పందం మీద ఉద్యోగం వచ్చింది, పది రోజుల్లో సమాధానం చెప్పాలి. ఒక చక్రం చూసిన జ్యోతిష్యుడు "తప్పక వెళ్లు" అన్నారట, రెండో చక్రం చూసినవారు "వెళితే ఉద్యోగానికి గండం" అన్నారట. అంతకుముందే ఆయన ఫోన్‌లో తన జాతకం తానే చదువుకుని, రాహువు పన్నెండో ఇంట ఉన్నాడు కనుక అక్కడే స్థిరపడతానని ఒక నిర్ణయానికి వచ్చి ఉన్నారు. జ్యోతిష్య వృత్తిలో నాకు తరచుగా ఎదురయ్యే అపోహలన్నీ ఆ ఒక్క సాయంత్రమే ఎదురయ్యాయి.

అపోహ: వ్యయంలో, అంటే పన్నెండో ఇంట, రాహువు ఉంటే విదేశీ యోగం ఖాయం.

రాహువు ఒక రాశిలో సుమారు ఏడాదిన్నర ఉంటాడు. శ్రీధర్ పుట్టిన 1991 జూలై ఆఖరులో అతడు ధనుస్సులో ఉన్నాడు. లగ్నం అంటే పుట్టిన వేళ తూర్పున ఉదయిస్తున్న రాశి, ఇళ్ల లెక్క దానితోనే మొదలవుతుంది. ఆ ఏడాదిన్నరలో మకర లగ్నంలో పుట్టిన ప్రతి ఒక్కరికీ, అంటే రోజుకు దాదాపు రెండు గంటల వ్యవధిలో పుట్టిన వారందరికీ, రాహువు వ్యయంలోనే ఉంటాడు. వారందరూ దేశం విడిచి వెళ్లలేదు కదా. పైగా దూరప్రయాణానికి తొమ్మిదో ఇల్లు, పరస్థల నివాసానికి పన్నెండో ఇల్లు, ఇల్లు విడవడానికి నాలుగో ఇల్లు చూడమని మా పద్ధతి చెబుతుంది. ఇన్ని తలుపులు ఉన్నప్పుడు ఏదో ఒకటి తెరిచి కనబడక మానదు. వెతికితే విదేశీ సూచన అసలు దొరకని జాతకం నా అనుభవంలో అరుదు. అందుచేత ఆ సూచన ఉందన్న మాట ఒక్కటే పట్టుకుని నిర్ణయం తీసుకోవడానికి అది పనికిరాదు.

అపోహ: పుట్టిన సమయంలో అరగంట తేడా పెద్ద విషయం కాదు.

శ్రీధర్ దగ్గరున్న చక్రాలు రెండు కావడానికి కారణం ఇదే. ఆయన నాన్నగారు "రాత్రి ఎనిమిది దాటి పది నిమిషాలు" అని గట్టిగా చెబుతారు, ఆసుపత్రి చీటీలో మాత్రం 7:35 అని ఉంది. హైదరాబాదులో ఆ రోజు మకర లగ్నం దాదాపు 7:50కి ముగిసి కుంభ లగ్నం మొదలైంది. కనుక చీటీ ప్రకారం మకర లగ్నం, నాన్నగారి మాట ప్రకారం కుంభ లగ్నం. గ్రహాలు ఉన్న రాశులు మారలేదు గాని, ఇళ్ల లెక్క మొత్తం ఒక మెట్టు జరిగిపోయింది.

మహాదశ అంటే జీవితంలో ఒక గ్రహం ఏలుబడి సాగే కాలం, అంతర్దశ అంటే అందులో మరో గ్రహానికి వచ్చే భాగం. ఇప్పుడు శ్రీధర్‌కు నడుస్తున్నది శని మహాదశలో శుక్ర అంతర్దశ. శుక్రుడు సింహంలో ఉన్నాడు. కుంభ లగ్నమైతే అతడు భాగ్యాధిపతిగా, అంటే తొమ్మిదో ఇంటి అధిపతిగా, ఏడో ఇంట ఉన్నట్టు, అంటే ప్రయాణానికి మంచి మాట. మకర లగ్నమైతే ఉద్యోగ స్థానాధిపతిగా ఎనిమిదో ఇంట ఉన్నట్టు, అంటే వృత్తిలో ఆకస్మిక మలుపు. ఇద్దరు జ్యోతిష్యులూ తమ తమ లెక్కలో తప్పు చేయలేదు. సమయం ఏది సరైనదో అడగకుండా ముందుకు పోవడమే తప్పు. తమాషా ఏమిటంటే, కుంభ లగ్నంలో రాహువు వ్యయం నుంచి పదకొండో ఇల్లయిన లాభస్థానానికి జరిగిపోయినా, లగ్నాధిపతి శని వచ్చి వ్యయంలో కూర్చుంటాడు. విదేశీ సూచన ఇక్కడ కూడా మిగిలే ఉంది!

రెండు సమయాల్లో నేను చీటీనే నమ్మాను. కాన్పు గది బయట కూర్చున్న తండ్రికి గుర్తుండేది బిడ్డ పుట్టిన క్షణం కాదు, నర్సు బయటికి వచ్చి చెప్పిన క్షణం. చీటీ కూడా గుండ్రంగా ఐదు నిమిషాలకు సర్ది రాసినదే కావచ్చు గాని, లగ్నం మారడానికి ఇంకా పావుగంట ఎడం ఉంది కనుక ఆ సర్దుబాటు వల్ల ముప్పు లేదు. దశల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. శ్రీధర్ జన్మనక్షత్రం శతభిషం. ఆ నక్షత్రంలో పుట్టినవారికి పుట్టుకతో రాహు మహాదశ నడుస్తుంది, అది 18 ఏళ్లది. చంద్రుడు ఒక నక్షత్రాన్ని దాటడానికి సుమారు ఒక రోజు పడుతుంది కనుక, 35 నిమిషాల తేడా వల్ల ఆ తర్వాతి దశలన్నీ నాలుగైదు నెలలు ముందుకో వెనక్కో జరుగుతాయి. ఈ మార్చిలో మొదలై ఆ సెప్టెంబరులో ముగుస్తుందని నెలలతో సహా చెప్పేవారు ఈ సంగతి దాటవేస్తారు.

అపోహ: ఏలినాటి శనిలో సముద్రం దాటకూడదు.

లగ్నం ఏదైనా, పుట్టినప్పుడు చంద్రుడున్న రాశిని బట్టి శ్రీధర్ గారిది కుంభ రాశి. జన్మరాశికి ముందు రాశిలో, జన్మరాశిలో, తర్వాతి రాశిలో శని ఉండే కాలమే ఏలినాటి. 2025 మార్చి ఆఖరులో శని మీనంలోకి వచ్చాడు కనుక ఆయనకు ఏలినాటి చివరి భాగం నడుస్తోంది. ఏ సమయంలో చూసినా పన్నెండు రాశుల్లో మూడింటికి ఏలినాటి ఉంటుంది, అంటే రమారమి నలుగురిలో ఒకరికి. ఈ నియమం నిజమైతే శంషాబాద్ నుంచి బయలుదేరే ప్రతి విమానంలోనూ పావు వంతు సీట్లు ఖాళీగా పోవాలి. ఇంతకంటే దీనికి సమాధానం అక్కరలేదు.

అపోహ: వెళ్లాలో వద్దో జాతకమే తేల్చి చెబుతుంది.

మకర లగ్నానికి శుక్రుడు ఐదు, పది ఇళ్లకు అధిపతి, యోగకారకుడు, అంటే ఎక్కువగా మేలు చేసే గ్రహం. అలాంటివాడు ఎనిమిదో ఇంట ఉన్నప్పుడు గండం అనడం తొందరపాటు. మా పద్ధతిలో చెప్పగలిగింది ఇంతే: ఈ అంతర్దశ 2026లో ముగిసేలోపు ఉద్యోగంలో మార్పు రావచ్చు, ఆ మార్పులో ముందు కనబడని చిక్కు ఉండవచ్చు. ఆ చిక్కు ఖతార్‌లో ఉందా, హైదరాబాదులోనే ఉన్న ఉద్యోగంలో ఉందా అన్నది చక్రంలో రాసి ఉండదు. ముందు చూసిన ఇద్దరు జ్యోతిష్యుల్లో ఒకరు శుక్ర శాంతికి పదహారు వేలు అడిగారట. నేను మాత్రం కాగితాలు చూపించమన్నాను.

"గురువుగారూ, మీరు జాతకం చూస్తారనుకున్నాను" అన్నారు శ్రీధర్.

"చూశాను బాబూ. ఇప్పుడు దానిలో లేనివి చూస్తాను" అన్నాను.

ఆఫర్ లేఖలో హోదా ఎలక్ట్రికల్ ఇంజనీరు అని ఉంది. ఏజెంటు ఇచ్చిన వీసా కాగితంలో టెక్నీషియన్ అని ఉంది. కుటుంబాన్ని తీసుకువెళ్లాలనుకునే మనిషికి ఈ రెండు మాటల మధ్య తేడా చిన్నది కాదు. శుక్రుడి వల్ల నేను దాన్ని పట్టుకున్నానని చెప్పుకోను. గల్ఫ్ వెళ్లివచ్చినవారు ముప్పై ఏళ్లుగా నా ఎదుట కూర్చుని చెప్పుకున్న కష్టాల వల్ల పట్టుకున్నాను. ఏజెంటుతో కాకుండా నేరుగా ఆ కంపెనీకే రాసి, హోదా సరిదిద్దిన కాగితం చేతికి వచ్చేవరకు ఇక్కడి ఉద్యోగానికి రాజీనామా ఇవ్వవద్దని చెప్పాను. దానికి ఏడు వారాలు పట్టింది.

జనవరిలో ఆయన టికెట్ తీసుకుని ఫోన్ చేశారు. బుధవారం తెల్లవారుజామున 3:40కి విమానం, మంగళవారం కాదు కనుక అమ్మగారికి కూడా సంతోషమేనట. పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది, కాబట్టి ఆ వేళకు ఇంకా మంగళవారమే నడుస్తుంది. ఉద్యోగ ప్రయాణాలకు వారదోషాన్ని నేను లెక్కలోకి తీసుకోను కనుక, ఆ మాట అమ్మగారి చెవిన వేయలేదు.