చిన్నదని వదిలేసిన x

బలహీన ఆమ్లం పీహెచ్ కట్టే లెక్కలో ఒక మెట్టు దగ్గర అందరూ ఒకే మాట రాస్తారు: “C తో పోలిస్తే x చాలా చిన్నది కాబట్టి C − x ను C గా తీసుకుందాం.” ఇలా రాసేటప్పటికి x ఎంతో మనకు తెలియదు. తెలియని సంఖ్యను చిన్నదని ముందే అనుకుని, ఆ నమ్మకం మీదే దాని విలువ కడుతున్నాం. చాలాసార్లు ఇది నిలబడుతుంది, కొన్నిసార్లు నిలబడదు. ఎక్కడ తప్పుతుందో చూడడానికి ఎసిటిక్ ఆమ్లం ఒక్కటే తీసుకుని, దాన్ని నీళ్లతో పలచన చేస్తూ పోదాం.

ఎసిటిక్ ఆమ్లం అణువుల్లో కొన్ని మాత్రమే నీటిలో విడిపోయి హైడ్రోజన్ అయాన్‌ను, ఎసిటేట్ అయాన్‌ను ఇస్తాయి. మొదట కలిపిన ఆమ్లం గాఢత C, అందులో విడిపోయిన భాగం x అనుకుంటే, విడిపోకుండా మిగిలింది C − x. రెండు అయాన్లూ సమానంగానే పుడతాయి కాబట్టి వాటి గాఢత చెరొక x. సమతాస్థితిలో వీటి మధ్య ఉండే సంబంధం ఇది:

```
Ka = x² / (C − x)
```

ఆమ్లం ఎంత మేరకు విడిపోతుందో చెప్పే స్థిరాంకం Ka. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఎసిటిక్ ఆమ్లానికి దాని విలువ 1.8 × 10⁻⁵. హారంలో x ను వదిలేస్తే వర్గ సమీకరణంతో పని లేదు. Ka ను C తో గుణించి వర్గమూలం తీస్తే x వచ్చేస్తుంది.

ముందుగా 0.10 మోలార్ ద్రావణం. వర్గమూలం తీస్తే x విలువ 1.34 × 10⁻³, అంటే పీహెచ్ 2.87. వర్గ సమీకరణాన్ని పూర్తిగా సాధిస్తే x విలువ 1.33 × 10⁻³, పీహెచ్ 2.88. వందలో ఒకటికి కాస్త ఎక్కువ అణువులే విడిపోయాయి. వదిలేసిన x నిజంగానే చిన్నది.

ఇప్పుడు ఇదే ద్రావణాన్ని వెయ్యి రెట్లు పలచన చేద్దాం. C ఇప్పుడు 1.0 × 10⁻⁴. సులువు దారిలో x విలువ 4.24 × 10⁻⁵ వస్తుంది. ఇది C లో 42 శాతం. దాదాపు సగానికి దగ్గరపడిన భాగాన్ని చిన్నదని వదిలేశామన్నమాట. ఈ x ను తీసుకెళ్లి అసలు సమీకరణంలో, ఏమీ వదిలేయకుండా, పెట్టి చూడండి. కుడివైపు 1.8 × 10⁻⁵ రావాలి, 3.1 × 10⁻⁵ వస్తుంది. వచ్చిన జవాబును మొదటి సమీకరణంలోకే తిరిగి పంపడం కన్నా నమ్మకమైన పరీక్ష నాకు తెలియదు. పూర్తి లెక్క ప్రకారం x విలువ 3.44 × 10⁻⁵, పీహెచ్ 4.46. సులువు దారి చెప్పిన పీహెచ్ 4.37. తేడా 0.09 అంటే చిన్నదిగా కనిపిస్తుంది కానీ, పీహెచ్ సంవర్గమాన కొలత. హైడ్రోజన్ అయాన్ల లెక్కలో అది 23 శాతం తప్పు.

మరో పది రెట్లు పలచన చేస్తే సంగతి బాహాటంగానే బయటపడుతుంది. C విలువ 1.0 × 10⁻⁵ ఉన్నప్పుడు వర్గమూలం 1.34 × 10⁻⁵ అంటుంది. కలిపిన ఆమ్లం కన్నా విడిపోయిన ఆమ్లమే ఎక్కువట! పది అణువులు వేస్తే పదమూడు విడిపోవడం జరగని పని. సరైన x విలువ 7.2 × 10⁻⁶, పీహెచ్ 5.15.

పలచన చేసేకొద్దీ విడిపోయే వాటా ఎందుకు పెరుగుతుంది? ఆమ్లం అణువు విడిపోవడానికి మరో ఆమ్లం అణువు అక్కరలేదు, చుట్టూ ఉన్న నీరు చాలు. విడిపోయిన అయాన్లు మళ్లీ కలవాలంటే మాత్రం రెండూ ఒకదానికొకటి ఎదురుపడాలి. ద్రావణం పలచబడితే అవి దూరదూరంగా చెదిరిపోతాయి, ఎదురుపడడం అరుదవుతుంది. విడిపోవడం మాత్రం ఎప్పటిలా సాగుతూనే ఉంటుంది. విల్‌హెల్మ్ ఓస్వాల్డ్ 1888లో ఈ సంబంధాన్నే విలీనతా నియమంగా చెప్పాడు. అంటే ఆమ్లం బలహీనమైనదన్న మాట ఒక్కటే x ను చిన్నదిగా ఉంచలేదు, ద్రావణం తగినంత గాఢంగా కూడా ఉండాలి.

ఎంత గాఢంగా? ఇక్కడే 5 శాతం నియమం వస్తుంది. సులువు దారిలో వచ్చిన x విలువ C లో 5 శాతం మించకపోతే ఆ జవాబును ఉంచుకోవచ్చు. C విలువ Ka కి 400 రెట్లు ఉండాలన్నా అర్థం ఇదే, ఎందుకంటే 1/400 వర్గమూలం 1/20. కొన్ని పుస్తకాలు 100 రెట్లు చాలంటాయి, కొన్ని 500 కావాలంటాయి. ఇది ప్రకృతి నియమం కాదు, ఎంత తప్పును భరిస్తామన్న ఒప్పందం. సులువు దారిలో వచ్చే తప్పు, విడిపోయిన శాతంలో సుమారు సగం ఉంటుంది. 5 శాతం విడిపోతే x లో దాదాపు 2.5 శాతం తప్పు, పీహెచ్‌లో 0.01. మామూలు పీహెచ్ మీటరు రీడింగులో రెండో దశాంశ స్థానంలో ఒక్క అంకె తేడా అది. అందుకే 5 దగ్గర గీత గీయడం నాకు సబబుగానే అనిపిస్తుంది.

గీత దాటితే వర్గ సమీకరణాన్ని నేరుగా సాధించడమే మేలు. వచ్చిన x ను హారంలో పెట్టి మళ్లీ మళ్లీ వర్గమూలం తీసే పద్ధతి కూడా ఉంది. కొద్దిగా దాటినప్పుడు రెండు మూడు సార్లకే అది కుదురుకుంటుంది. కానీ 1.0 × 10⁻⁵ ద్రావణంతో ప్రయత్నించండి: మొదటి x విలువే C ని మించింది కాబట్టి C − x రుణసంఖ్య అవుతుంది, రెండో అడుగులోనే వర్గమూలం దొరకదు.

5 శాతం పరీక్ష నెగ్గినా లెక్క తప్పే చోటు ఒకటుంది. హైడ్రోసయనిక్ ఆమ్లం ఎసిటిక్ ఆమ్లం కన్నా ఎంతో బలహీనమైనది, దాని Ka సుమారు 6.2 × 10⁻¹⁰. దాని 1.0 × 10⁻⁶ మోలార్ ద్రావణానికి వర్గమూలం 2.5 × 10⁻⁸ ఇస్తుంది. C లో ఇది 2.5 శాతమే, పరీక్ష నెగ్గింది. పీహెచ్ మాత్రం 7.6! నీటిలో ఆమ్లం కలిపితే ద్రావణం క్షారంగా మారిందని లెక్క చెబుతోంది.

తప్పు C − x లో లేదు. నీరు కూడా తనంతట తాను కొద్దిగా విడిపోతుందని, స్వచ్ఛమైన నీటిలోనే 1.0 × 10⁻⁷ మోలార్ హైడ్రోజన్ అయాన్లు ఉంటాయని మొదటి మెట్టులోనే మరిచిపోయాం. హైడ్రోజన్ అయాన్లూ సయనైడ్ అయాన్లూ సమానమని రాసింది అక్కడే. నిజానికి సయనైడ్, హైడ్రాక్సైడ్ అయాన్లు రెండూ కలిస్తేనే హైడ్రోజన్ అయాన్లకు సమానం. ఆ సంగతి లెక్కలోకి తెస్తే, ఆమ్లం ఏ కొంచెమో విడిపోయే ఇలాంటి ద్రావణాలకు సూత్రం ఇలా మారుతుంది:

```
[H⁺] = √(Ka·C + Kw)
```

నీటిలోని హైడ్రోజన్, హైడ్రాక్సైడ్ అయాన్ల గాఢతల లబ్ధమైన Kw విలువ 1.0 × 10⁻¹⁴. వర్గమూలం లోపల ఆమ్లం వాటా 0.062 × 10⁻¹⁴ మాత్రమే, మిగతాదంతా నీటిదే. జవాబు 1.03 × 10⁻⁷, పీహెచ్ 6.99. తటస్థ స్థితికి వెంట్రుకవాసి ఇటు, ఆమ్లం వైపే.