చర్మపు రంగుకు గడి లేని పట్టిక

చర్మంపై మచ్చలను ఫొటో చూసి గుర్తించే సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి ఒరవడి దిద్దించిన చిత్రమాల HAM10000. వియన్నా వైద్య విశ్వవిద్యాలయం, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఒక చర్మ క్యాన్సర్ వైద్యుడి క్లినిక్ నుంచి సేకరించిన, చర్మాన్ని పెద్దదిగా చేసి చూపే డెర్మటోస్కోపుతో తీసిన 10,015 చిత్రాలతో అది 2018లో వెలువడింది. చిత్రాలతో పాటు వచ్చే పట్టికలో ప్రధానంగా ఈ గడులుంటాయి:

```
lesion_id, image_id, dx, dx_type, age, sex, localization
```

మచ్చ పేరు, దాన్ని ఎలా నిర్ధారించారు, వయసు, లింగం, శరీరంలో ఎక్కడుంది అన్న వివరాలన్నీ ఉన్నాయి గాని, ఆ మచ్చ ఏ రంగు చర్మం మీద ఉందో రాసుకునేందుకు గడి లేదు. ఇది కుట్ర కాదు. తెల్లజాతి వారే ఎక్కువగా వచ్చే క్లినిక్‌లో ఆ వివరం రాయాలన్న ఆలోచనే ఎవరికీ రాదు. ఆ పది వేల చిత్రాల్లో 6,705 మామూలు పుట్టుమచ్చలు, 1,113 మెలనోమా క్యాన్సర్లు. మిగిలినవి ఎక్కువగా ఎండకు కమిలిన తెల్లచర్మంపై తరచుగా కనిపించేవే. అక్కడి వైద్యుల భయం మెలనోమా కాబట్టి పెట్టుబడి, పరికరాలు, చిత్రాలు అన్నీ దాని చుట్టూనే పేరుకున్నాయి. చిత్రాలను విడదీసిన ఏడు వర్గాల్లో తామర, గజ్జి, కుష్ఠు లేవు.

అంతకు ముందే, 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 1,29,450 చిత్రాలతో నేర్పిన ప్రోగ్రాము చర్మ క్యాన్సర్‌ను గుర్తించడంలో 21 మంది చర్మవైద్యులకు దీటుగా నిలిచిందని నేచర్ పత్రికలో ప్రకటించడంతో ఈ రంగంపై ఉత్సాహం పెరిగింది. మరుసటి ఏడాదే అమెరికాలో కొందరు, ఇందులో నల్లచర్మం ఎక్కడుందని అడిగారు. ఆ ప్రశ్నకు లెక్కతో జవాబు 2021 చివర్లో వచ్చింది. అందరికీ అందుబాటులో ఉన్న 21 చిత్రమాలలను ఒక బృందం జల్లెడ పట్టగా వాటిలోని 1,06,950 చిత్రాల్లో చర్మపు రకం నమోదైనవి 2,436 మాత్రమేనని తేలింది. వాటిలో గోధుమవర్ణపు చర్మానివి పది, ముదురు గోధుమ లేదా నల్లని చర్మానిది ఒక్కటి. వంశమూలం నమోదైన చిత్రాల్లో దక్షిణాసియా వారిది ఒక్కటీ లేదు.

చర్మపు రకం అంటున్న ఈ కొలతకే ఒక చరిత్ర ఉంది. 1975లో హార్వర్డ్ చర్మవైద్యుడు థామస్ ఫిట్జ్‌పాట్రిక్ దాన్ని రూపొందించింది రంగును కొలవడానికి కాదు, అతినీలలోహిత కిరణాల చికిత్సలో మొదటి మోతాదు ఎంత ఇవ్వాలో తేల్చుకోవడానికి. ఎండలో నిలబడితే కమిలిపోతుందా, నల్లబడుతుందా అని రోగినే అడిగే ప్రశ్న అది. గోధుమ, నల్ల చర్మాలకు ఐదు, ఆరు రకాలను తర్వాత చేర్చారు. మనవాళ్లలో ఎక్కువమంది నాలుగు, ఐదు రకాల్లో పడతారు. ఆ ప్రశ్నను రోగిని అడగకుండా, ఫొటో చూసి జవాబు ఊహిస్తే ఏమవుతుందన్నది తర్వాతి చిక్కు.

2021లో వచ్చిన Fitzpatrick 17k సరిగ్గా అదే చేసింది. రెండు ఆన్‌లైన్ చర్మవ్యాధుల అట్లాసుల నుంచి తీసిన 16,577 చిత్రాలకు డబ్బిచ్చి పెట్టుకున్న మనుషుల చేత చర్మపు రకం రాయించారు. ఐదు, ఆరు రకాలు కలిపి 2,168 వచ్చాయి. అది నిజమైన ముందడుగే. అయితే ఫొటోలోని రంగు చర్మానిది ఎంతో, వెలుతురుది ఎంతో విడదీయడం కష్టం. కంప్యూటరు చేత రంగును కొలిపించే సూత్రంలోనూ ఈ ఇబ్బంది తప్పదు:

```
ITA = arctan((L* - 50) / b*) × 180 / π
```

ఇందులో ITA చర్మపు రంగును తెలిపే కోణం, L* వెలుగు, b* పసుపుదనం. ఒకరి ముంజేతికి L* 45, b* 18 వచ్చాయనుకుందాం. కోణం సుమారు -15.5 డిగ్రీలు, అంటే -30కీ 10కీ మధ్యనున్న గోధుమ వర్గం. అదే చేతిని ఫోను కెమెరా తనంతట తాను వెలుగు పెంచి తీసి, L* 58 అయిందనుకుందాం. కోణం 24 డిగ్రీలవుతుంది, మనిషి ఒక వర్గం పైకి జరిగి లేత గోధుమలో పడతాడు. నల్లని వస్తువు నిండిన ఫ్రేమును చూస్తే ఫోను చేసే పని సాధారణంగా ఇదే. పక్కన రంగుల కార్డు పెట్టి తీయకపోతే ఈ పొరపాటును తర్వాత పట్టుకునే దారి లేదు.

చిత్రాల సంఖ్యకన్నా వాటి నిర్ధారణ ముఖ్యమని చూపింది 2022లో వెలువడిన DDI అనే చిన్న చిత్రమాల. స్టాన్‌ఫర్డ్ క్లినిక్‌లలో 570 మంది రోగుల నుంచి తీసుకున్న 656 చిత్రాలవి. ప్రతి మచ్చా బయాప్సీలో తేలినదే. లేత చర్మానివి 208, మధ్యరకానివి 241, ముదురు చర్మానివి 207. డీప్‌డెర్మ్ అనే ప్రోగ్రామును దానిపై పరీక్షిస్తే, లేత చర్మంలో క్యాన్సర్లను నూటికి 69 చొప్పున పట్టింది, ముదురు చర్మంలో 23 చొప్పున. ఆ చిత్రాలతోనే మళ్లీ నేర్పితే తేడా చాలావరకు పూడింది. కాబట్టి లోపం గణితంలో కన్నా మేతలోనే ఎక్కువ. కానీ బయాప్సీకి ఒక సొంత పక్షపాతం ఉంది. వైద్యుడికి అనుమానం వచ్చిన మచ్చనే కోసి పంపుతారు, తామరను ఎవరూ కోయరు.

మన దగ్గర కథ ఇక్కడే మలుపు తిరుగుతుంది. వరంగల్‌లో ఏ చర్మవ్యాధుల ఓపీ ముందు కాసేపు కూర్చున్నా ఇలాంటి మాట వినిపిస్తుంది: "ముందుగాల గుండ్రంగ ఉండె సారు, మెడికల్ షాపుల ట్యూబు ఇచ్చిండ్రు, రాస్తే తగ్గినట్టే తగ్గి మళ్ల లేసింది." ఆ ట్యూబులో తరచుగా స్టెరాయిడ్ ఉంటుంది. దాంతో మంట తగ్గి, అంచు చెరిగిపోయి, తామర తెచ్చే బూజు మాత్రం లోపల పాకుతుంది. తామరకు గుర్తైన ఆ ఉంగరపు అంచు ఫొటోలో ఇక కనిపించదు. పైగా పాఠ్యపుస్తకాల్లోని ఎర్రదనం మన చర్మంపై ఊదాగానో, బూడిదరంగుగానో, ముదురు గోధుమగానో కనిపిస్తుంది. ఎరుపు కోసం వెతకడం నేర్చిన ప్రోగ్రాము దాన్ని దాటిపోతుంది. వైద్యుడైతే పొలుసును గీరి గాజుపలకపై పెట్టి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, సూక్ష్మదర్శినిలో బూజు పోగులు వెతుకుతాడు.

పాలిపోయిన మచ్చ అయితే ప్రశ్న వేరు. అది శోభి కావచ్చు, బొల్లి కావచ్చు, కుష్ఠు తొలిమచ్చ కావచ్చు. ఉత్తర తెలంగాణకు ఈ జబ్బు కొత్త కాదు. నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే మిషనరీ వైద్యురాలు 1915లో కుష్ఠు వైద్యశాలను నెలకొల్పారు. మచ్చపై దూదిపోగు ఆనించి, కళ్లు మూసుకున్న రోగిని "తెలుస్తోందా?" అని అడగడం ఇప్పటికీ తొలి పరీక్ష. స్పర్శ పోయిందన్న సంగతి ఏ ఫొటోలోనూ పడదు.

విదేశాల్లో మరికొన్ని ప్రయత్నాలు జరిగాయి. బ్రెజిల్‌లో 2020లో వచ్చిన PAD-UFES-20లో 1,373 మంది రోగుల 2,298 చిత్రాలు స్మార్ట్‌ఫోన్లతో తీసినవి. సహారా దిగువ ఆఫ్రికా నుంచి 2024లో వెలువడిన PASSIONలో గజ్జి, బూజు, ఎగ్జిమా వంటివే ప్రధానం, అవి మన ఓపీ వరుసకు దగ్గర. అయినా వాటిని తెచ్చి వరంగల్‌లో వాడితే సరిపోతుందని నేననుకోను. ఇక్కడి మచ్చకు ఫొటోతో పాటు మరో నాలుగు గడులు కావాలి: రంగుల కార్డు పక్కన పెట్టారా, పొలుసు పరీక్షలో బూజు కనిపించిందా, స్పర్శ ఉందా, ట్యూబు ఎన్ని వారాలు రాశారు. నాలుగోది నింపడమే అన్నిటికన్నా కష్టం. ట్యూబు పేరు రోగికి గుర్తుండదు, ఇచ్చిన షాపు చీటీ ఇవ్వదు.