చెయ్యెత్తితే కుర్తా ఎందుకు లేస్తుంది?

మలక్‌పేటలో ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పే ఒక టీచర్ అడిగారు. "గంజి పెట్టి ఇస్త్రీ చేసిన కాటన్ కుర్తా వేసుకుంటే క్లాసులో నిండుగా ఉంటుందండీ. కానీ బోర్డు పైవరసలో రాయబోతే కుర్తా మొత్తం పైకి లేస్తోంది. చంక దగ్గర లూజు చేయించాను, ఇంకా ఎక్కువైంది. ఎందుకని?"

ఆ చివరి ప్రశ్న కోసమే ఈ వ్యాసం. రంగులూ డిజైన్లూ ఎవరికి నచ్చినవి వాళ్లు చూసుకుంటారు.

టేపు పట్టి చూద్దాం. నడుం నుంచి చంక దాకా 8 అంగుళాలు, చంక నుంచి మోచేతి దాకా మరో 8 అనుకోండి. చెయ్యి నిటారుగా ఎత్తితే ఈ రెండూ ఒకే గీతలోకి వస్తాయి. నడుం నుంచి మోచేతికి 16 అంగుళాల బట్ట కావాలి. చంక లూజు చేయడమంటే టైలర్ చేసేది చంక కోతను కిందికి దింపడం. 2 అంగుళాలు దింపాడంటే పక్క కుట్టు 6 అంగుళాలకు తగ్గుతుంది, చేతి లోపలి కుట్టు కూడా 6 అవుతుంది. మొత్తం 12. తక్కువైన ఆ 4 అంగుళాలు కింది అంచు నుంచే రావాలి కాబట్టి కుర్తా లేస్తుంది. అదే చంకను అర అంగుళమే కిందికి ఉంచితే లోటు అంగుళమే. లూజు కావలసింది చేతి చుట్టుకొలతలో, చంక లోతులో కాదు. అలాగని చంకకు మరీ ఆనించి కుడితే ఒరుసుకుంటుంది, చెమట పడుతుంది. ఆ అర అంగుళం వదలాల్సిందే.

కోసేసిన బట్టను వెనక్కి అతికించలేం. దీనికి పాతకాలపు కుర్తాల్లోనే మందుంది. కలీదార్ కుర్తా కుట్టేవాళ్లు చంక కింద చదరపు ముక్క ఒకటి వేస్తారు. దాని పేరు చౌబగ్లా. చంక కుట్టును అడుగున ముందుకు 3, వెనక్కి 3 అంగుళాలు విప్పి, 3 అంగుళాల చదరాన్ని అక్కడ కూర్చాలి. ఒక మూల నడుం వైపు, ఎదుటి మూల మోచేతి వైపు ఉండాలి. చెయ్యి దించితే ముక్క లోపలికి మడుచుకుంటుంది, బయటికి కనబడదు. ఎత్తితే కర్ణం వెంట విచ్చుకుంటుంది. 3 అంగుళాల చదరానికి కర్ణం దాదాపు 4.2 అంగుళాలు. మన లోటు 4! పైథాగరస్ సిద్ధాంతం చెప్పే రోజు ఈ ముక్కను క్లాసుకు తీసుకెళ్లమని ఆ టీచర్‌కు రాశాను. పుస్తకంలోని గోడకు ఆనించిన నిచ్చెన కన్నా పిల్లలకు ఇదే బాగా గుర్తుంటుంది.

ఇంకో మేలుంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. నూలు చేతిరుమాలు తీసుకుని పక్కపక్క మూలలు పట్టుకుని లాగండి. సాగదు, ఎందుకంటే లాగుతున్నది దారాన్నే. ఇప్పుడు ఎదురెదురు మూలలు పట్టుకుని లాగండి. సాగుతుంది! దారం ఏమాత్రం పొడుగవలేదు. పడుగు, పేక ఒకదాని మీద ఒకటి కాస్త తిరిగాయంతే. కీళ్లు వదులైన మంచం పక్కకి ఒరిగినట్టు, చిన్న చిన్న చదరాలన్నీ సమచతుర్భుజాలవుతాయి. 90 డిగ్రీల కోణం 80కి తగ్గితే చాలు, పొడుగు కర్ణం 8 శాతం పెరుగుతుంది. చౌబగ్లా మీద లాగుడు పడేది సరిగ్గా ఈ కర్ణం వెంటే. జాకెట్లకు టైలర్లు క్రాస్ కటింగ్ చేసేదీ ఇందుకే. ముందు ముక్కలను ఏటవాలుగా కోస్తే ఒంటితోపాటు కదులుతాయి. బట్ట మాత్రం కాస్త ఎక్కువ పడుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ సాగి జారుతుంది కూడా.

ఇక గంజి. బియ్యపు గంజిలోని పిండి పదార్థం దారాల మీద పొరలా పట్టి, ఆరాక పడుగూ పేకా కలిసే ప్రతి చోటా జిగురులా అంటుకుంటుంది. దారాలు తిరగలేవు. కుచ్చిళ్లు కత్తిగీతల్లా నిలబడేది, మనిషి పొందికగా కనబడేది ఈ తిరగలేకపోవడం వల్లే. చెయ్యి పట్టేసేదీ దానివల్లే. అదే రుమాలుకు గంజి పెట్టి, ఆరాక మూలలు పట్టి లాగితే తేడా వేళ్లకే తెలుస్తుంది. ముసురు పట్టిన రోజుల్లో గాలిలో తేమకు ఆ పొర మెత్తబడి, పొద్దున నిలబడ్డ మడత మధ్యాహ్నానికి వాలుతుంది.

అందుకని గంజి చీరకు పెట్టండి, జాకెట్టుకు వద్దు. నారాయణపేట కాటన్ చీరకు పలచని గంజి చాలు, కుచ్చిళ్లు, పమిట నిలుస్తాయి. కుర్తాకైతే కాలరు, గుండీల పట్టీ, చేతి అంచులు, ఈ మూడు చోట్లే చాలు. చూసేవాళ్ల కళ్లు పడేది అక్కడే. భుజం, వీపు, చంక మెత్తగా వదిలేయాలి.

ఆ టీచర్ పాత కుర్తాకు చౌబగ్లా వేయించుకున్నారు. మొదటిసారి టైలర్ ముక్కను తిప్పి, దాని అంచును పక్క కుట్టుకు సమాంతరంగా పెట్టాడు. చెయ్యి ఎప్పటిలాగే పట్టేసింది. మూల నడుం వైపు వచ్చేలా విప్పి కుట్టించాక, గోడకు ఆని చెయ్యెత్తి, కింది అంచు దగ్గర పెన్సిల్ గీత పెట్టి కొలిచారట. అంతకుముందు 4 అంగుళాలు లేచేది, ఇప్పుడు అర అంగుళం.