నాలుగు రాళ్లతో నలభై కిలోలు: అపోహలు – వాస్తవాలు

అపోహ: ఒకటి నుంచి నలభై వరకు ప్రతి కిలోనూ తూయడానికి కనీసం ఆరు రాళ్లు కావాలి.

వాస్తవం: రాళ్లన్నీ ఒకే పళ్లెంలో వేస్తామంటే ఇది నిజమే, అప్పుడు 1, 2, 4, 8, 16, 32 కిలోల రాళ్లు ఆరూ అవసరమవుతాయి. సరుకు ఉన్న పళ్లెంలోనూ రాయి వేయవచ్చంటే మాత్రం 1, 3, 9, 27 కిలోల రాళ్లు నాలుగే చాలు. ఒక్కో రాయిని సరుకు వైపు వేయవచ్చు, ఎదుటి పళ్లెంలో వేయవచ్చు, లేదా పక్కన పెట్టవచ్చు కాబట్టి నాలుగింటికీ కలిపి 81 అమరికలు వస్తాయి. ఏ రాయీ వేయని అమరికను తీసేస్తే 80 మిగులుతాయి. వాటిలో ప్రతిదానికీ పళ్లేలు తారుమారైన జంట ఒకటి ఉంటుంది కనుక, నాలుగు రాళ్లతో నలభైకి మించి తూకాలు రావడం అసాధ్యం. ఈ సమస్యకు 1612లో దీన్ని ప్రచురించిన ఫ్రెంచి గణితవేత్త బాషే పేరు స్థిరపడింది కానీ, అంతకు నాలుగు శతాబ్దాల ముందే ఫిబొనాచీ దీన్ని రాశాడు.

అపోహ: ఏ రాయి ఎటు వేయాలో తడుముకుంటూ కనుక్కోవలసిందే.

వాస్తవం: మూడుతో భాగించడం వస్తే చాలు. 32 కిలోలు తూయాలనుకుందాం. 32ను 3తో భాగిస్తే శేషం 2. శేషం రెండు వస్తే ఆ రాయిని సరుకు వైపు వేసి, భాగఫలానికి ఒకటి కలపాలి. కాబట్టి కిలో రాయి సరుకు వైపు వెళ్తుంది, భాగఫలం 10 కాస్తా 11 అవుతుంది. 11కు కూడా శేషం 2 కనుక మూడు కిలోల రాయీ అటే వెళ్తుంది, భాగఫలం 4 అవుతుంది. 4కు శేషం 1. శేషం ఒకటైతే రాయి ఎదుటి పళ్లెంలోకి వెళ్తుంది కాబట్టి తొమ్మిది కిలోల రాయి అక్కడికి చేరుతుంది. మిగిలిన 1 వల్ల ఇరవై ఏడు కిలోల రాయి కూడా ఎదుటి పళ్లెంలోకే వెళ్తుంది. ఒకవైపు 32 + 1 + 3, మరోవైపు 9 + 27, రెండూ 36. శేషం సున్నా వస్తే ఆ రాయిని పక్కన పెట్టాలి.

అపోహ: రాయి అరిగితే నష్టపోయేది ఎప్పుడూ కొనేవారే.

వాస్తవం: ఒకే పళ్లెంలో రాళ్లు వేసే పద్ధతికి ఇది వర్తిస్తుంది కానీ ఇక్కడ వర్తించదు. మూడు కిలోల రాయి 20 గ్రాములు అరిగిందనుకుందాం. 30 కిలోల తూకంలో అది 27తో పాటు ఎదుటి పళ్లెంలో ఉంటుంది కనుక సరుకు 29.98 కిలోలే వస్తుంది. పైన చెప్పిన 32 కిలోల తూకంలో అదే రాయి సరుకు వైపు ఉండటం వల్ల 32.02 కిలోలు వెళ్లిపోతుంది, అంటే నష్టం అమ్మేవారిది.

ఇంతకంటే చిక్కైన విషయం, ఈ అరుగుదలను ఆ నాలుగు రాళ్లతోనే పట్టుకోలేకపోవడం. 1, 2, 2, 5 కిలోల రాళ్లుంటే రెండు కిలోల రాళ్లను ఎదురెదురుగా పెట్టి చూడవచ్చు, ఐదు కిలోల రాయిని మిగతా మూడింటితో సరిచూడవచ్చు. 1, 3, 9, 27లో మాత్రం ఎటు ఎన్ని రాళ్లు పెట్టినా రెండు పళ్లేలూ ఎన్నడూ సరితూగవు, ఎందుకంటే ప్రతి అమరికకూ తూకం వేరు, సున్నా వచ్చేది రాయి లేని అమరికకు మాత్రమే. కనుక వీటిని వాడేవారి దగ్గర నమ్మదగిన ప్రమాణపు రాళ్లు విడిగా ఉండాలి.